12 ఇంచుల బ్యాగ్‌లో ఎన్ని లీటర్ల మట్టి పడుతుంది? ఎరువు లెక్క అక్కడి నుంచే

ప్రశ్న: మిద్దె మీద నాలుగు టమాటా, నాలుగు మిర్చి, రెండు వంగ, ఒక బీర తీగ, కొంచెం ఆకుకూర పెడదామనుకుంటున్నాం. ఆన్‌లైన్‌లో 12 ఇంచుల గ్రో బ్యాగ్ అని ఒకటి 30 రూపాయలకి, ఇంకోటి 120కి చూపిస్తోంది, 12 ఇంచుల ప్లాస్టిక్ కుండీ కూడా ఉంది. ఏది కొనాలి? వర్మీకంపోస్ట్, వేపపిండి ఎంత కలపాలి, తర్వాత నెలనెలా ఎంత వేయాలి? షాపతను మొక్కకి రెండు గుప్పెళ్లు అంటున్నాడు.

జవాబు:

ముందు ఆ మూడు "12 ఇంచులు" ఒకటి కావండీ. తేడా అంతా అక్కడే ఉంది, ఎరువు లెక్క కూడా దాని మీదే ఆధారపడుతుంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

120 రూపాయలది బహుశా నేసిన హెచ్‌డీపీఈ గుండ్రటి బ్యాగ్ అయి ఉంటుంది. అందులో 12 × 12 అంటే అడ్డం 12, ఎత్తు 12. నోటిదాకా నింపితే 22 లీటర్లు పడుతుంది. 30 రూపాయలది నర్సరీ వాళ్లు వాడే పల్చటి పాలిథిన్ కవర్. దానికి చెప్పే 12 ఇంచులు కవర్‌ని బల్ల మీద పరిచి కొలిచిన వెడల్పు. మట్టి పోసి గుండ్రంగా అయ్యాక చుట్టుకొలత 24 ఇంచులు, అంటే అడ్డం ఏడున్నర ఇంచులే వస్తుంది, పైగా అడుగున మడతలో కొంత ఎత్తు పోతుంది. చివరికి పట్టేది ఏడు లీటర్ల చుట్టుపక్కల. ఇక కుండీకి 12 ఇంచులంటే పై అంచు బయటి కొలత. లోపల 11 ఉంటుంది, అడుగుకి వచ్చేసరికి ఎనిమిదికి సన్నబడుతుంది, ఎత్తు పది ఉంటే మొత్తం 12 లీటర్లకి అటూ ఇటూ. ఒకే పేరు మీద 22, 12, 7 లీటర్లన్నమాట. షాపతను చెప్పిన రెండు గుప్పెళ్లు ఈ మూడింట్లో దేనికో ఆయనకే తెలియాలి. 22 లీటర్ల బ్యాగ్‌లో ఏ మూలకీ చాలని మోతాదు వేపపిండి, కవర్‌లోని చిన్న మొక్క వేళ్లని మాడ్చేయగలదు.

అందుకే ఏ బ్యాగ్ చూసినా ముందు లీటర్లలోకి మార్చుకోండి. గుండ్రటిదైతే అడ్డాన్ని అడ్డంతో, మళ్లీ ఎత్తుతో గుణించి 78తో భాగించండి, ఇంచుల కొలత లీటర్లయిపోతుంది. కుండీకి పైన, అడుగున ఉన్న అడ్డాల సగటు తీసుకోండి. పలకగా ఉండే ట్రే లాంటి బ్యాగ్‌కి పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 61తో భాగిస్తే చాలు. ఇంకో మాట, 15 × 12 అని రాసి ఉంటే ఏది అడ్డమో ఏది ఎత్తో అమ్మేవాళ్లని అడగండి. కొందరు ఎత్తు ముందు రాస్తారు. అడ్డం 15, ఎత్తు 12 అయితే 35 లీటర్లు, తిరగేస్తే 28 లీటర్లే.

మీ జాబితాకి నేనైతే ఇలా తీసుకుంటాను. టమాటా, మిర్చి ఎనిమిది మొక్కలకీ 12 × 12 బ్యాగులు, బ్యాగ్‌కి ఒక్క మొక్క. టమాటా రెండు పెట్టాలని ఎవరైనా అంటే వినకండి, ఎండాకాలం మొదలయ్యేసరికి రోజుకి రెండుసార్లు నీళ్లు పోసినా సాయంత్రానికి వాడిపోతాయి. వంగ ఎక్కువ కాలం ఉండి కాస్తుంది, కొమ్మలు కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుంది, దానికి అడ్డం 15, ఎత్తు 12 ఉన్నది రెండు. బీరకి 18 × 18 ఒకటి, అది 75 లీటర్లు, అందులో రెండు తీగలు కూడా నడుస్తాయి. ఆకుకూరకి లోతు అక్కర్లేదు, పరిచిన చోటు కావాలి, కాబట్టి 24 × 12 × 9 ట్రే బ్యాగ్ ఒకటి, 42 లీటర్లు. పాలకూర, తోటకూర, మెంతి వంతులవారీగా అందులో చల్లుకోవచ్చు.

బ్యాగ్ మందం జీఎస్‌ఎం అని రాస్తారు. 220కి తక్కువ ఉన్నది మన ఎండకి తీసుకోకండి, 260 ఉంటే నిశ్చింత. కానీ మందం ఒక్కటే చూసుకుంటే సరిపోదు. గుడ్డ బాగానే ఉండి కుట్టు ముందు పోతుంది. అడుగు గుండ్రానికీ గోడకీ కలిపే కుట్టు దగ్గర దారం ఎండకి పెళుసై పొడిగా రాలుతుంది, ఒకరోజు 20 కిలోల బ్యాగ్ పట్టుకుని జరపబోతే అడుగు నేల మీదే ఉండిపోయి గోడ చేతికొస్తుంది. కొత్త బ్యాగ్ రాగానే లోపలికి చెయ్యి పెట్టి అడుగు కుట్టుని వేళ్లతో రెండు వైపులా గట్టిగా లాగి చూడండి. కుట్టు ఒక్క వరసే ఉండి సందులోంచి వెలుతురు కనిపిస్తుంటే వెనక్కి పంపించేయండి. పిడులు ఎంత గట్టిగా కుట్టి ఉన్నా నిండిన బ్యాగ్‌ని పిడి పట్టుకుని ఎత్తొద్దు, కింద చెయ్యి వేసి జరపండి.

అడుగున రంధ్రాలు ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే వేలు దూరేంతవి నాలుగు పెట్టండి. దాని మీద కొబ్బరి పీచు ముక్కో కుండ పెంకో వేస్తే చాలు. అడుగున రెండు ఇంచులు కంకర వేయమని చాలామంది చెబుతారు, అది నీటిని దించదు. మట్టికీ కంకరకీ మధ్య నీళ్లు ఆగి, తడి మట్టి ఇంకా పైకి వస్తుంది, ఉన్న లోతులో రెండు ఇంచులు పోతుంది. బ్యాగ్ కింద మాత్రం ఇటుకలో స్టాండో పెట్టండి, స్లాబ్ ఎప్పుడూ తడిగా ఉండకూడదు.

ఇప్పుడు మట్టి. నింపేటప్పుడు పైన ఒకటిన్నర, రెండు ఇంచులు ఖాళీ వదలాలి, లేకపోతే నీళ్లతో పాటు ఎరువు బయటికి కొట్టుకుపోతుంది. అలా వదిలితే 12 × 12లో పడేది పద్దెనిమిదిన్నర లీటర్లు, వంగ బ్యాగుల్లో ఒక్కోదానికి 29, బీరకి 67, ఆకుకూర ట్రేకి 35. అన్నీ కలిపితే మీకు కావాల్సింది సుమారు 310 లీటర్ల మిశ్రమం. దీన్ని కిలోల్లో లెక్కేయడం మొదలుపెడితే తికమక పడతారు, ఎందుకంటే ఎర్రమట్టి లీటరుకి కిలో పైనే తూగుతుంది, వర్మీకంపోస్ట్ అందులో సగానికి కొంచెం ఎక్కువ, తడిపిన కోకోపీట్ ఇంకా తక్కువ. అందుకని ఇంట్లో ఖాళీ అయిన 20 లీటర్ల పెయింట్ బకెట్‌ని కొలతగా పెట్టుకోండి.

జల్లించిన ఎర్రమట్టి 8 బకెట్లు, ఎరువు 5 బకెట్లు, కోకోపీట్ 3 బకెట్లు. లెక్కకి 320 లీటర్లు వస్తుంది కానీ కలిపాక సన్నవి పెద్దవాటి సందుల్లోకి దిగి కొంత తగ్గుతుంది, నీళ్లు పోశాక మరికొంత కుంగుతుంది, కాబట్టి అదనంగా ఒకటి రెండు బకెట్ల మిశ్రమం పక్కన పెట్టుకుని వారం తర్వాత పైన పోయండి. మీ మట్టి నల్లరేగడి అయితే ఈ పాళ్లు పనికిరావు, అది తడిస్తే జిగురు, ఎండితే బిగుసుకుని బ్యాగ్ గోడకి సందు పడి నీళ్లన్నీ ఆ సందులోంచి జారిపోతాయి. దొరికితే ఎర్రమట్టే తెచ్చుకోండి, లేకపోతే నల్లమట్టిని మూడో వంతుకి మించనివ్వకుండా, దానికి ఇసుక కలపండి.

కోకోపీట్ 5 కిలోల దిమ్మ ఒక్కటి మీకు సరిపోతుంది. పెద్ద టబ్‌లో పెట్టి ఇరవై, పాతిక లీటర్ల నీళ్లు పోస్తే ఉబ్బి 60 లీటర్ల పైనే అవుతుంది. ప్యాకెట్ మీద ఉప్పు తక్కువని చెప్పే "లో ఈసీ" ముద్ర లేకపోతే రెండు మూడు సార్లు నీళ్లు మార్చి పిండేయండి. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది, మొదటిసారి వచ్చే నీళ్లు చిక్కటి గోధుమరంగులో ఉంటాయి, ఆ రంగు తేలేదాకా కడగాలి. కోకోపీట్‌లో పోషకాలు దాదాపు లేవు. అది నీళ్లు పట్టి ఉంచడానికీ బరువు తగ్గడానికే, కాబట్టి దాన్ని ఎరువు లెక్కలో వేసుకోకండి.

ఎరువు 5 బకెట్లలో మూడు బాగా చివికిన పశువుల ఎరువు, రెండు వర్మీకంపోస్ట్ వేయండి. ఖర్చు తగ్గుతుంది, పని ఒకటే. రెండు బకెట్ల వర్మీకంపోస్ట్ అంటే పాతిక కిలోల బస్తా ఒకటి. పశువుల ఎరువులో నత్రజని అర శాతం, వర్మీకంపోస్ట్‌లో 1 శాతం, కొన్నింట్లో కాస్త ఎక్కువ ఉంటుంది. అంటే రెండూ నెమ్మదిగా పెట్టే తిండే, ఎక్కువ భాగం మట్టిని గుల్లగా ఉంచడానికి పనికొస్తుంది. మొత్తం మిశ్రమంలో ఎరువు మూడో వంతు దాటించొద్దు. సగం వర్మీకంపోస్ట్ వేస్తే మొక్క ఇంకా బాగా వస్తుందనిపిస్తుంది కానీ వర్షాకాలంలో ఆ బ్యాగ్ ఆరదు, వేళ్లకి గాలి ఆడదు, నాలుగు నెలలకి మట్టి బాగా కుంగిపోతుంది.

వర్మీకంపోస్ట్ బస్తా విప్పగానే చేతిలోకి తీసుకుని చూడండి. టీ పొడిలా గుళ్లగుళ్లగా, నల్లటి గోధుమరంగులో, తొలకరి వాన పడ్డ నేల వాసన వస్తుంటే మంచిది. పిడికిలి బిగిస్తే ముద్ద కావాలి, వేలితో తాకితే విడిపోవాలి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే మీరు కిలోల లెక్కన నీళ్లు కొన్నట్టే, తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉంటే సరి. ఒక గాజు గ్లాసు నీళ్లలో గుప్పెడు వేసి కలిపి పది నిమిషాలు వదిలేయండి. అడుగున ఇసుక, మట్టి మందంగా పేరుకుంటే అందులో సగం మట్టే కలిపారని అర్థం. పశువుల ఎరువుకి పరీక్ష వేరు. కుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలినా, ముక్కు మండే ఘాటు వచ్చినా, పేడ ముక్కలు ముక్కలుగానే కనిపిస్తున్నా అది ఇంకా మాగలేదు. తెల్లగా, ఇంగ్లీషు సి అక్షరంలా ముడుచుకుని పడుకున్న వేరుపురుగులు ఎక్కువగా వచ్చేది అలాంటి ఎరువుతోనే, అవి లోపల వేళ్లు కొరికేసేదాకా పైకి ఏమీ తెలియదు. ఒకరోజు పొద్దున్నే మొక్క వాడి ఉంటుంది, పట్టుకుంటే ఊడి వస్తుంది. అనుమానంగా ఉంటే ఒక డబ్బాలో ఆ ఎరువు వేసి మెంతులు చల్లండి, నాలుగైదు రోజుల్లో సమంగా మొలిస్తే వాడుకోండి.

ఇక వేపపిండి, ఎముకల పొడి. ఇక్కడ గుప్పెళ్లు వద్దు, తూకం కావాలి. మిశ్రమం లీటరుకి వేపపిండి 5 గ్రాములు, ఎముకల పొడి 2 గ్రాములు, ఇంతే గుర్తుపెట్టుకోండి. మీ 310 లీటర్లకి వేపపిండి కిలోన్నర, ఎముకల పొడి 600 గ్రాములు. ఒక్క టమాటా బ్యాగ్‌కి చూస్తే వేపపిండి 90 గ్రాములు, ఎముకల పొడి 40 గ్రాముల లోపు. వేపపిండిలో నత్రజని 5 శాతం దాకా ఉంటుంది, అంటే తూకానికి తూకం వర్మీకంపోస్ట్ కన్నా ఐదు రెట్లు ఘాటు. అది మట్టిలో కరిగేటప్పుడు వేడి పుడుతుంది, అమ్మోనియా వస్తుంది. అందుకే అన్నీ కలిపి, తడిపి, నీడలో వారం, పది రోజులు వదిలి, మధ్యలో ఒకసారి తిరగేసి ఆ తర్వాతే నారు నాటాలి. నాటిన రోజే మొదలు దగ్గర వేపపిండి వేస్తే రెండు మూడు రోజుల్లో లేత ఆకుల అంచులు మాడతాయి, చాలామంది అది తెగులనుకుని మందు కొడతారు.

ఎముకల పొడి మాత్రం నింపేటప్పుడే కలపాలి. అందులో ఉన్నది ఎక్కువగా భాస్వరం, సున్నం. భాస్వరం మట్టిలో ఉన్నచోటి నుంచి పెద్దగా కదలదు, పైన చల్లితే పైనే ఉండిపోతుంది, వేరు దాని దగ్గరికి రావాల్సిందే. మీరు పోసేది ఉప్పు పేరుకునే బోరు నీళ్లయితే, మట్టి సున్నం వైపు మళ్లి ఉంటే, ఎముకల పొడి సరిగా కరగదు, అలాంటి చోట ఎక్కువ వేసినా ఉపయోగం లేదు. ఇంట్లో కుక్క ఉంటే అది వాసనకి బ్యాగులు తవ్వేస్తుంది, అప్పుడు మానేసి పశువుల ఎరువు మీదే ఉండండి.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తడిసిన టమాటా బ్యాగ్ ఒక్కటి 20 కిలోలు తూగుతుంది, బీరది 75 కిలోల దాకా. మనుషులు తిరిగే పైకప్పుకి మన దేశ ప్రమాణాల్లో లెక్కేసే బరువు చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. 12 ఇంచుల బ్యాగులు పక్కపక్కనే ఆనించి పెడితే ఒక చదరపు మీటరులో తొమ్మిది పడతాయి, అంటే 180 కిలోలు. కాబట్టి గుంపుగా మధ్యలో పెట్టకుండా పిట్టగోడ వెంబడి, కింద గోడో బీమో ఉన్న చోట వరసగా పెట్టండి. బీర బ్యాగ్‌ని పిల్లర్ మీదికి వచ్చే మూలలో ఉంచండి, పందిరికి కూడా ఆ మూల అనువుగా ఉంటుంది. పాత ఇల్లయి, స్లాబ్ కారుతుంటే ముందు ఇంజినీరుకి చూపించండి.

తర్వాత వేసే మోతాదుల విషయానికి వస్తే, నాటాక మూడు వారాల వరకు ఏమీ వేయకండి, మిశ్రమంలో ఉన్నది చాలు. ఆ తర్వాత 12 ఇంచుల బ్యాగ్‌కి 15, 20 రోజులకోసారి 200 గ్రాముల వర్మీకంపోస్ట్. పెద్దవాళ్ల చేతులతో ఒక దోసెడు కొంచెం అటూ ఇటూగా అంత వస్తుంది, ఒక్కసారి వంటింటి తూకంలో తూచుకుని, అంతే పట్టే డబ్బా ఒకటి బ్యాగుల దగ్గర పెట్టేసుకుంటే ఇక ఆలోచించక్కర్లేదు. వంగకి డబ్బాన్నర, బీరకి మూడు డబ్బాలు. మొదలుకి తగలకుండా నాలుగు ఇంచులు ఎడంగా, బ్యాగ్ అంచు వైపు పైపైన మట్టి గీరి వేసి, మట్టి కప్పి నీళ్లు పోయాలి. మట్టి మీద ఊరికే పడేస్తే ఎండకి ఎండి గట్టిపడుతుంది.

పూత మొదలయ్యాక నెలకోసారి వేపపిండి లీటరు మట్టికి ఒక గ్రాము చొప్పున, అంటే టమాటా, మిర్చికి 20 గ్రాములు, వంగకి 30, బీరకి 65. ఆకుకూరకి వేపపిండి పైన వేయడం వద్దు, ఒక్కో కోత అయ్యాక ట్రే అంతా రెండు డబ్బాల వర్మీకంపోస్ట్ చల్లితే మళ్లీ పుంజుకుంటుంది.

కాపు మీద ఉన్నప్పుడు మొక్క పాలిపోయినట్టుంటే ద్రావణం త్వరగా పని చేస్తుంది. వేరుశనగ చెక్క 100 గ్రాములు లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, రోజూ ఒకసారి కలిపి, వడగట్టి, దానికి పదింతలు నీళ్లు చేర్చండి. బ్యాగ్‌కి అర లీటరు, తడిగా ఉన్న మట్టిలోనే. చెక్కలో నత్రజని 7 శాతం దాకా ఉంటుంది, నీళ్లు కలపకుండా పోస్తే మొక్క మాడుతుంది. ఇది పోసిన వారం వేపపిండి వేయకూడదు, రెండూ నత్రజనే.

ఎక్కువైందా తక్కువైందా అనేది ఆకే చెబుతుంది. కింది ముదురు ఆకులు ముందు పసుపెక్కి పైకి పాకుతుంటే నత్రజని చాలట్లేదు. మొక్క ఏపుగా, ఆకులు ముదురాకుపచ్చగా మందంగా ముడుచుకుని, పూత రాలిపోతుంటే ఎక్కువైంది, అప్పుడు నెల రోజులు ఏమీ వేయకుండా ఊరుకోండి. ఆకు చివర్లు మాత్రమే మాడి, బ్యాగ్ బయట తెల్లటి ఉప్పు పొర కనిపిస్తుంటే అడుగు రంధ్రాల్లోంచి బాగా కారేలా రెండు విడతలు నీళ్లు పోసి ఉప్పు దించాలి. టమాటా కాయ అడుగున నల్లగా చదునుగా మచ్చ పడితే అందరూ ఎముకల పొడి, గుడ్డు పెంకులు వేయమంటారు. అవి కరిగి వేరుకి అందేసరికి ఆ కాపు అయిపోతుంది. ఎక్కువసార్లు అసలు కారణం ఒకరోజు ఎండబెట్టి మరుసటి రోజు ముంచేయడం, అలా జరిగితే మట్టిలో ఉన్న కాల్షియం కూడా కాయకి అందదు. రోజూ ఒకే వేళకి నీళ్లు పోస్తూ, బ్యాగ్ మీద ఎండుటాకులు రెండు ఇంచుల మందాన పరిస్తే తర్వాత వచ్చే కాయలు బాగుంటాయి.

పంట అయిపోయాక మట్టి పారేయకండి. బ్యాగ్ బోర్లించి, వేళ్లు ఏరేసి, పల్చగా పరిచి వారం మంచి ఎండ పెట్టండి. తిరిగి నింపేటప్పుడు 12 ఇంచుల బ్యాగ్‌కి మూడు, నాలుగు లీటర్ల కొత్త ఎరువు, 50 గ్రాముల వేపపిండి సరిపోతుంది. ఎముకల పొడి మళ్లీ అక్కర్లేదు, వేసింది ఇంకా అందులోనే ఉంటుంది. టమాటా తీసిన మట్టిలో వెంటనే వంగో మిర్చో పెట్టొద్దు, మూడూ ఒకే కుటుంబం, వేరు తెగుళ్లు అలాగే దిగుతాయి. ఆ బ్యాగుల్లో బెండో గోరుచిక్కుడో వేసి, బెండ ఉన్న వాటిలోకి టమాటా మార్చుకోండి.